ఒకే మైనస్ ఒకటి, రెండు పందేలు

2018 జూన్ 18న రష్యాలోని వోల్గోగ్రాడ్‌లో ఇంగ్లండ్, ట్యునీషియా ప్రపంచ కప్ మ్యాచ్ ఆడాయి. 11వ నిమిషంలో హ్యారీ కేన్ గోల్ కొట్టాడు. 35వ నిమిషంలో ఫెర్జానీ సస్సీ పెనాల్టీతో స్కోరు సమం చేశాడు. ఆ తరవాత తొంభై నిమిషాలు నిండేదాకా ఎవరూ గోల్ కొట్టలేదు. అదనంగా కలిపిన సమయం మొదట్లోనే ఇంగ్లండ్‌కు కార్నర్ దొరికింది. హ్యారీ మగ్వైర్ బంతిని తలతో గోల్ వైపు మళ్లించాడు. అవతలి పక్క ఒంటరిగా ఉన్న కేన్ దాన్ని తలతోనే లోపలికి నెట్టాడు. ఇంగ్లండ్ 2-1తో బయటపడింది.

ఆ రోజు ట్యునీషియా +1 మీద ఇద్దరు పందెం కాశారనుకుందాం. కేన్ తల తగిలేదాకా ఇద్దరివీ గెలిచే పందేలే. గోల్ పడ్డాక ఒకరి డబ్బు మొత్తం పోయింది, రెండోవారి డబ్బు చేతికి తిరిగి వచ్చింది. జట్టు అదే, మ్యాచ్ అదే, చీటీ మీద ఉన్న +1 కూడా అదే. ఎవరూ మోసం చేయలేదు. మొదటివారు కాసింది యూరోపియన్ హ్యాండిక్యాప్, రెండోవారు కాసింది ఆసియన్ హ్యాండిక్యాప్.

ఈ రెండింటి గుర్తులు ఒకటే, అర్థాలు వేరు. పందెం కాసేవాళ్లే కాదు, మ్యాచ్‌కు ముందు వచ్చే రేట్లు చూసి ఏ జట్టు ఎంత బలమైనదో అంచనా వేసుకునే అభిమానులు కూడా ఇక్కడ తడబడుతుంటారు. ఈ అధ్యాయం చదివాక ఒక రేటు కనిపిస్తే అది ఏ పందేనికి రేటో, దాన్ని దేనితో పోల్చాలో, ఏది తక్కువ కోతతో వస్తోందో మీరే కాగితం మీద తేల్చగలగాలి.

డ్రాను ఏం చేయాలి?

బలమైన జట్టు, బలహీన జట్టు తలపడుతుంటే గెలుపెవరిదన్న పందెంలో పస ఉండదు. అందుకని ఊళ్లో పిల్లల పరుగు పందెంలో చిన్నవాణ్ణి పదడుగులు ముందు నిలబెట్టినట్టు, బలహీన జట్టుకు మ్యాచ్ మొదలవకముందే కాగితం మీద ఒక గోల్ ఇస్తారు. ఇంగ్లండ్ -1 అన్నా, ట్యునీషియా +1 అన్నా చెప్పేది ఇదే. మ్యాచ్ అయ్యాక అసలు స్కోరులోంచి ఆ గోల్ సవరిస్తారు. 2-1 కాస్తా 1-1 అవుతుంది. ఇక్కడిదాకా రెండు పద్ధతులకూ తేడా లేదు.

సవరించిన స్కోరు సమమైతే ఏం చేయాలన్న చోట దారులు చీలతాయి.

యూరోపియన్ పద్ధతిలో సవరించిన స్కోరును మామూలు మ్యాచ్ ఫలితంలాగే చూస్తారు. గెలుపు, డ్రా, ఓటమి అని మూడు గడులుంటాయి, మూడింటికీ వేర్వేరు రేట్లుంటాయి. ఇంగ్లండ్ -1 గడి గెలవాలంటే ఇంగ్లండ్ కనీసం రెండు గోల్స్ తేడాతో గెలవాలి. ట్యునీషియా +1 గడి గెలవాలంటే మ్యాచ్ డ్రా కావాలి, లేదా ట్యునీషియా నెగ్గాలి. ఇంగ్లండ్ సరిగ్గా ఒక్క గోల్ తేడాతో గెలిస్తే మధ్యలో ఉన్న హ్యాండిక్యాప్ డ్రా గడి గెలుస్తుంది, అటూ ఇటూ ఉన్న రెండు గడులూ పోతాయి. వోల్గోగ్రాడ్‌లో జరిగింది ఇదే. చివరి క్షణం దాకా ఓడుతున్న మధ్య గడి ఒక్క గోల్‌తో గెలిచింది. గెలుస్తున్న ట్యునీషియా గడి అదే గోల్‌తో ఓడింది.

ఆసియన్ పద్ధతిలో ఆ మధ్య గడే ఉండదు. రెండు పక్కలే. సవరించిన స్కోరు సమమైతే పందెం రద్దయినట్టు లెక్క, ఎవరి డబ్బు వారికి వెనక్కి ఇచ్చేస్తారు. కేన్ గోల్‌తో ఇంగ్లండ్ -1 కాసినవారు పోయిన డబ్బును తిరిగి చూశారు, ట్యునీషియా +1 కాసినవారు రాబోయిన లాభాన్ని వదులుకున్నారు. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు.

ఫుట్‌బాల్‌లో పెద్ద లీగుల్లో సుమారు నాలుగో వంతు మ్యాచ్‌లు డ్రాగా ముగుస్తాయి. రెండు పక్కల పందేనికి అలవాటుపడ్డ ఆగ్నేయాసియా పందెగాళ్లకు ఈ మూడో ఫలితం అడ్డంగా ఉండేది. దాన్ని తీసేయడానికి పుట్టిన పద్ధతే ఇది. అక్కడ హాంగ్ చెంగ్ అనే పేరుతో నడిచేది. 1998లో జో ఫాన్ అనే ఇండోనేషియా బుకీ దీనికో ఇంగ్లిష్ పేరు చెప్పమంటే బ్రిటిష్ పాత్రికేయుడు జో సోమరెజ్ స్మిత్ ఆసియన్ హ్యాండిక్యాప్ అన్నాడు, అదే స్థిరపడింది. పేరును బట్టి ఖండాలు పంచేసుకోకండి. హాంకాంగ్ జాకీ క్లబ్ ఫుట్‌బాల్ పందేల్లో రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉంటాయి. చైనా ప్రభుత్వ స్పోర్ట్స్ లాటరీలో ఉండే హ్యాండిక్యాప్ మూడు గడులదే.

స్క్రీన్ మీద గుర్తుపట్టడం

మొదట గడులు లెక్కపెట్టండి. మూడు రేట్లు కనిపిస్తే యూరోపియన్, రెండే కనిపిస్తే ఆసియన్. ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదు. శీర్షికలు ఒక్కో సైటులో ఒక్కో రకంగా ఉంటాయి. మూడు గడులదాన్ని `Handicap 1X2` అనో, `3-Way Handicap` అనో రాస్తారు. కొందరు గోల్‌ను స్కోరులాగా `0:1` అని చూపిస్తారు. మొదటి జట్టు సున్నాతో, రెండో జట్టు ఒక గోల్‌తో మ్యాచ్ మొదలుపెడుతున్నాయని దానర్థం.

రెండో గుర్తు దశాంశం. -0.5, -0.75, -1.25, -1.5 లాంటి అంకె కనిపిస్తే అది ఆసియన్ లైన్. మూడు గడుల పద్ధతిలో అరగోల్ ఇస్తే మధ్య గడికి పనే ఉండదు, ఎందుకంటే అరగోల్ సవరించాక స్కోరు ఎప్పటికీ సమం కాదు. అందుకే యూరోపియన్ హ్యాండిక్యాప్ ఎప్పుడూ పూర్తి అంకెల్లోనే ఉంటుంది. చిక్కంతా -1, -2 లాంటి పూర్తి అంకెల దగ్గరే, ఎందుకంటే అవి రెండు చోట్లా కనిపిస్తాయి.

అర తగ్గించండి

ఒక గోల్ హ్యాండిక్యాప్ చుట్టూ ఉన్న పందేలన్నిటినీ నాలుగు ఫలితాలతో విప్పి చూడవచ్చు. బలమైన జట్టు రెండు లేదా అంతకంటే ఎక్కువ గోల్స్ తేడాతో గెలవడం, సరిగ్గా ఒక్క గోల్ తేడాతో గెలవడం, మ్యాచ్ డ్రా కావడం, బలమైన జట్టు ఓడిపోవడం. చీటీ మీద ఏం రాసి ఉన్నా, ఈ నాలుగింటిలో దేనికి డబ్బు వస్తుంది, దేనికి పోతుంది, దేనికి వెనక్కి వస్తుంది అని రాసుకుంటే ఆ పందెం అసలు రూపం బయటపడుతుంది.

యూరోపియన్ -1ను అలా రాయండి. మొదటి ఫలితానికి గెలుపు, మిగిలిన మూడింటికీ ఓటమి. ఇప్పుడు ఆసియన్ -1.5 రాయండి. మొదటిదానికి గెలుపు, మిగిలిన మూడింటికీ ఓటమి. అక్షరం తేడా లేదు. అంటే యూరోపియన్ -1కు కవల ఆసియన్ -1 కాదు, ఆసియన్ -1.5.

అవతలి పక్క కూడా అంతే. యూరోపియన్ +1 డ్రాకూ, బలహీన జట్టు గెలుపుకూ డబ్బిస్తుంది, మిగతా రెండింటికీ పోతుంది. ఆసియన్‌లో అలా ప్రవర్తించేది +0.5. డబుల్ ఛాన్స్ అనే మరో పందెంలో డ్రాతో పాటు బలహీన జట్టు గెలుపును కలిపి కాస్తే వచ్చేది కూడా ఇదే. ఒకే సరుకు మూడు పేర్లతో, చాలాసార్లు మూడు వేర్వేరు రేట్లతో దొరుకుతుందన్నమాట.

గుర్తుపెట్టుకోవడానికి ఒక్క సూత్రం చాలు. యూరోపియన్ అంకెలోంచి ఎటు పక్కనైనా అర తగ్గిస్తే సరిసమానమైన ఆసియన్ లైన్ వస్తుంది. -1 అయితే -1.5, -2 అయితే -2.5, +1 అయితే +0.5, +2 అయితే +1.5. రెండు పక్కలా అర తగ్గడం మొదట వింతగా తోస్తుంది. తగ్గిన ఆ రెండు అరలూ కలిసే మధ్య గడి తయారైంది. మీరు ఏ పక్క కాసినా మధ్య ఫలితం మీకు వ్యతిరేకంగానే పనిచేస్తుంది.

ఆ మధ్య గడి ఒక్కదానికే ఆసియన్ లైన్లలో జోడీ లేదు. ఇంగ్లండ్ సరిగ్గా ఒక్క గోల్ తేడాతో గెలుస్తుందని కాయదలిస్తే ఏ ఆసియన్ లైనూ ఒంటరిగా ఆ పని చేయదు. గెలుపు తేడా మీద విడిగా కాసే పందెం ఒకటి ఉంటుంది, అందులో ఒక గోల్ అన్న గడి దీనికి సమానం. నా దృష్టిలో మూడు గడుల హ్యాండిక్యాప్‌కు సొంత విలువ ఉన్నది ఈ గడి వల్లే. పక్క గడులు రెండూ వేరేచోట దొరుకుతాయి, సాధారణంగా మెరుగైన రేటుకే దొరుకుతాయి.

100 పౌండ్లతో లెక్క

ఇప్పుడు రేట్ల దగ్గరికి వద్దాం. ఈ కింది అంకెలు లెక్క తేలిగ్గా సాగడానికి నేను వేసుకున్నవి, ఫలానా మ్యాచ్‌వి కావు. బలమైన జట్టు రెండు లేదా అంతకంటే ఎక్కువ గోల్స్ తేడాతో గెలిచే అవకాశం 35 శాతం, ఒక్క గోల్ తేడాతో గెలిచేది 25, డ్రా 22, ఓడిపోయేది 18 శాతం అనుకుందాం.

బుకీ కోత ఏమీ లేని న్యాయమైన రేటు కావాలంటే 100ను ఆ శాతంతో భాగిస్తే చాలు. యూరోపియన్ -1 గెలిచే అవకాశం 35 శాతం కాబట్టి దాని రేటు 2.86. మధ్య గడి 25 శాతం కాబట్టి 4.00. అవతలి +1కు డ్రా, ఓటమి కలిపి 40 శాతం కాబట్టి 2.50.

ఆసియన్ -1కు ఈ భాగహారం నేరుగా పనికిరాదు, ఎందుకంటే 25 శాతం సార్లు డబ్బు వెనక్కి వస్తుంది. ఆ ఫలితాన్ని పక్కనపెట్టి గెలుపునూ ఓటమినీ మాత్రమే తూచాలి. 35 సార్లు గెలిచి 40 సార్లు ఓడేటప్పుడు నష్టం లేకుండా ఉండాలంటే పౌండుకు 40/35 లాభం రావాలి. అది 1.14. పెట్టిన పౌండు కలిపితే రేటు 2.14.

ఒకే -1కు ఒకచోట 2.86, మరోచోట 2.14. రెండూ న్యాయమైన రేట్లే. 2.86 చూసి ఇక్కడ ఎక్కువ ఇస్తున్నారు అనుకునేవారు ఒక్క గోల్ గెలుపు అనే 25 శాతం రక్షణను వదులుకుంటున్నారు. ఆ 0.72 తేడా రక్షణకు ధర, బుకీ ఉదారత కాదు. పోల్చదలిస్తే యూరోపియన్ -1ను ఆసియన్ -1.5తో పోల్చాలి, దాని న్యాయమైన రేటు కూడా సరిగ్గా 2.86 వస్తుంది.

బుకీలు న్యాయమైన రేట్లు ఇవ్వరు. మూడు గడులకు 2.65, 3.70, 2.35 పెట్టాడనుకోండి. వాటిని మళ్లీ శాతాలుగా మారిస్తే 37.7, 27.0, 42.6. మొత్తం 107.3. వందకు పైన ఉన్న ఆ ఏడు చిల్లరే బుకీ కోత. ఆసియన్ -1 రెండు పక్కలకు 2.08, 1.83 పెట్టాడనుకోండి. శాతాలు 48.1, 54.6. మొత్తం 102.7. అసలు మార్కెట్లోనూ సాధారణంగా ఇదే ధోరణి కనిపిస్తుంది. ఆసియన్ లైన్ల మీద పెద్ద మొత్తాలు కాసేవాళ్లు ఉంటారు, బుకీల మధ్య పోటీ గట్టిగా ఉంటుంది, రెండే పక్కలు కాబట్టి రేట్లు పోల్చడమూ తేలిక. మూడు గడుల హ్యాండిక్యాప్‌ను సరదాకు కాసేవాళ్లే ఎక్కువగా చూస్తారు, దాని కోతను లెక్కపెట్టేవాళ్లు తక్కువ. కానీ ధోరణిని చట్టంలా నమ్మవద్దు. చిన్న లీగుల్లో ఆసియన్ లైన్లకూ కోత పెరుగుతుంది. అందుకే ఎప్పటికప్పుడు శాతాలు కూడి చూసుకోవాలి.

ఇదంతా డబ్బులో చూద్దాం. 100 పౌండ్లు యూరోపియన్ -1 మీద 2.65 రేటుకు కాస్తే సగటున తిరిగి వచ్చేది 35 శాతం సార్లు 265, అంటే 92 పౌండ్ల 75 పెన్నీలు. నష్టం ఏడు పౌండ్ల పైచిలుకు. అదే పందెం ఆసియన్ -1.5గా 2.78కి దొరికితే సగటున 97 పౌండ్ల 30 పెన్నీలు వస్తాయి. గెలిచే స్కోర్లూ ఓడే స్కోర్లూ రెండింటికీ అవే. గెలిచిన ప్రతిసారీ 13 పౌండ్లు తేడా. అర తగ్గించే సూత్రం తెలియనివారికి ఈ తేడా కంటికే కనపడదు, ఎందుకంటే వారు -1ని -1తోనే పోల్చుకుంటారు.

ఇంకో లెక్క ఉంది, ఈ రెండు పద్ధతుల బంధుత్వం అందులో పూర్తిగా తెలుస్తుంది. మూడు గడులతోనే మనం ఆసియన్ -1ని తయారు చేసుకోవచ్చు. ఒక్క గోల్ తేడాతో గెలిస్తే 100 పౌండ్లూ వెనక్కి రావాలి. మధ్య గడి రేటు 3.70 కాబట్టి అందులో 27 పౌండ్ల 3 పెన్నీలు పెడితే సరిగ్గా 100 వస్తుంది. మిగిలిన 72 పౌండ్ల 97 పెన్నీలు -1 మీద 2.65కి పెట్టండి. రెండు గోల్స్ తేడాతో గెలిస్తే సుమారు 193 వస్తాయి. డ్రా అయినా ఓడినా మొత్తం పోతుంది. ఇది అచ్చంగా ఆసియన్ -1, రేటు 1.93. బుకీ నేరుగా అమ్ముతున్నది 2.08కి. చేతిపనితో చేసుకున్నది ఖరీదైంది, కారణం రెండు గడుల్లోనూ కోత కట్టాం. న్యాయమైన రేట్లతో ఇదే చేస్తే, 25 పౌండ్లు మధ్య గడిలో, 75 పౌండ్లు -1లో పెడితే, రెండు గోల్స్ గెలుపుకు 214 వస్తుంది, అంటే 2.14. ఇందాక వేరే దారిలో తేలిన అంకె. ఆసియన్ -1 అనేది యూరోపియన్ -1కు మధ్య గడి బీమా కలిపి అమ్మే పొట్లం అని దీనివల్ల రుజువవుతుంది.

పాఠకులకు ఒక సూచన. ఎప్పుడైనా ఈ లెక్క చేసి చూస్తే మూడు గడుల వైపే మంచి రేటు తేలిందా? ముందు గడులు తప్పుగా చదివామేమో చూసుకోండి. పది సార్లలో తొమ్మిది సార్లు అదే అయి ఉంటుంది.

పావు లైన్లు

ఆసియన్ లైన్లకే ఉన్న మరో విశేషం పావు గోల్. -0.75 అంటే ముప్పావు గోల్ ఎక్కడా లేదు, పందెం సొమ్మును రెండు సగాలు చేస్తారు. ఒక సగం -0.5 మీద, మరో సగం -1 మీద పడుతుంది. కొన్ని చోట్ల దీన్ని `-0.5,-1` అని విప్పి రాస్తారు. ఇంగ్లండ్ -0.75 మీద 1.80 రేటుకు 100 పౌండ్లు కాశారనుకుందాం. 2-1 ఫలితానికి -0.5 మీద ఉన్న 50 గెలిచి 90 అవుతుంది, -1 మీద ఉన్న 50 వెనక్కి వస్తుంది. చేతికి 140. సగం గెలుపు అంటారు దీన్ని.

-1.25లో ఒక సగం -1 మీద, మరో సగం -1.5 మీద ఉంటుంది. అదే 2-1 ఫలితానికి ఒక 50 వెనక్కి వస్తుంది, ఇంకో 50 పోతుంది. సగం ఓటమి. అంటే -0.75, -1, -1.25, -1.5 అనే నాలుగు లైన్లకూ తేడా కేవలం ఒక్క గోల్ గెలుపు దగ్గరే. అక్కడ వరసగా సగం గెలుపు, డబ్బు వాపసు, సగం ఓటమి, పూర్తి ఓటమి. మిగతా ఫలితాలన్నిటికీ నాలుగూ ఒకేలా ప్రవర్తిస్తాయి. పైన వేసుకున్న అవకాశాల ప్రకారం వాటి న్యాయమైన రేట్లు 1.84, 2.14, 2.50, 2.86. రక్షణ తగ్గేకొద్దీ రేటు మెట్లు ఎక్కుతోంది. యూరోపియన్ -1 ఈ మెట్లలో చివరిదాని మీద నిలబడి ఉంది, దానికి కింది మెట్లు లేవు.

పావు లైన్లు కొత్తవారిని భయపెడతాయి గానీ అపాయం వాటిలో లేదు. చీటీ రెండుగా విడిపోయిందని తెలిస్తే చాలు. అసలు అపాయం ఎవరూ చదవని నిబంధనల పేజీలో ఉంటుంది.

గడియారం, ఆట మధ్యలో పందెం

హ్యాండిక్యాప్ పందేలు సాధారణంగా తొంభై నిమిషాలకూ, రిఫరీ కలిపిన ఆలస్య సమయానికే వర్తిస్తాయి. కేన్ గోల్ ఆలస్య సమయంలో పడింది కాబట్టి లెక్కలోకి వచ్చింది. నాకౌట్ మ్యాచ్‌లలో ఆడే ముప్పై నిమిషాల ఎక్స్‌ట్రా టైమ్ లెక్కలోకి రాదు. 2022 డిసెంబర్ 18న లుసైల్‌లో అర్జెంటీనా ప్రపంచ కప్ ఎత్తింది. ఎక్స్‌ట్రా టైమ్ ముగిసేసరికి 3-3, పెనాల్టీలలో 4-2. కానీ హ్యాండిక్యాప్ లెక్కకు ఆ ఫైనల్ 2-2 దగ్గరే ముగిసింది. అర్జెంటీనా 0 అనే ఆసియన్ లైన్ కాసినవారికి డబ్బు వెనక్కి వచ్చింది, లాభం రాలేదు. యూరోపియన్ పద్ధతిలో 0 అనే హ్యాండిక్యాప్‌కు అర్థమే లేదు. అది మామూలు గెలుపు-డ్రా-ఓటమి పందెమే, అందులో 2-2కు డ్రా గడి గెలిచింది.

రెండో నిబంధన ఇంకా గట్టి దెబ్బ కొడుతుంది. మ్యాచ్ నడుస్తుండగా కాసే ఆసియన్ హ్యాండిక్యాప్‌లో, చాలా చోట్ల, అప్పటిదాకా పడ్డ గోల్స్ లెక్కలోకి రావు. పందెం కాసిన క్షణం నుంచి స్కోరు మళ్లీ 0-0 అనుకుని మొదలుపెడతారు. మూడు గడుల యూరోపియన్ హ్యాండిక్యాప్‌లో మాత్రం మొత్తం మ్యాచ్ స్కోరే లెక్క.

వోల్గోగ్రాడ్‌కే తిరిగి వెళ్దాం. 20వ నిమిషం, ఇంగ్లండ్ 1-0తో ముందుంది. ఒకాయన ఇంగ్లండ్ ఎలాగూ గెలుస్తుందని ఆసియన్ -0.5 కాశాడనుకుందాం. ఇంగ్లండ్ నిజంగానే గెలిచింది. ఆయన పందెం మాత్రం ఓడింది. ఎందుకంటే 20వ నిమిషం తరవాత పడ్డ గోల్స్ సస్సీది ఒకటి, కేన్‌ది ఒకటి. ఆయన లెక్కకు మ్యాచ్ 1-1. సగం గోల్ తీసేస్తే ఇంగ్లండ్ వెనకబడింది. ఆయన కేన్ గోల్‌కు ఎగిరి గంతేసి ఉంటాడు, తరవాత ఖాతా చూసుకుని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఉంటాడు. నిబంధన ముందే ఉంది కాబట్టి ఆ ఫోన్ వల్ల ఒరిగేదేమీ ఉండదు.

దీన్ని ముందే పసిగట్టవచ్చు. ఆట మధ్యలో వేసిన ఆసియన్ చీటీ మీద జట్టు పేరు పక్కన అప్పటి స్కోరు చాలా చోట్ల ముద్రిస్తారు. ఆ స్కోరు కనిపిస్తే లెక్క అక్కణ్నుంచే మొదలైందని అర్థం. ఇంకో ఆనవాలు లైన్ అంకెలోనే ఉంటుంది. బలమైన జట్టు ఇప్పటికే రెండు గోల్స్ ముందుండి కూడా దాని లైన్ -0.25 లాగా చిన్నగా, రేటు రెండుకు దగ్గరగా కనిపిస్తోందంటే పాత గోల్స్ అందులో లేవు. ఉంటే ఆ రేటు నేలమట్టమై ఉండేది.

ఎక్కడ కాయవచ్చు, ఎక్కడ కూడదు

ఈ ఉదాహరణల్లో పౌండ్లు వాడడానికి కారణముంది. బ్రిటన్‌లో 18 ఏళ్లు నిండినవారు గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సు ఉన్న సంస్థల దగ్గర ఈ పందేలు కాయడం చట్టబద్ధం. మన దగ్గర అలా కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ను నిషేధిస్తూ చట్టం చేసింది. నడిపేవారికే కాదు, ప్రచారం చేసేవారికీ అందులో శిక్షలున్నాయి. టెలిగ్రామ్‌లో ఆసియన్ లైన్ల జోస్యాలు పంచుతూ లింకులు పెట్టేవారు కనిపిస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవారికి ఈ లెక్కలు మ్యాచ్ రేట్లు చదువుకోవడానికి పనికొస్తాయి, డబ్బు పెట్టడానికి కాదు.

లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉండి కాసేవారికీ ఒక మాట చెప్పాలి. ఆసియన్ -1 మీద 2.08 రేటు మెరుగైనదే అన్నాం. దాని సగటు ఫలితం కూడా తీసి చూడండి. 35 సార్లు 108 పౌండ్ల లాభం, 40 సార్లు 100 పౌండ్ల నష్టం, 25 సార్లు వాపసు. ప్రతి 100 పౌండ్లకూ సగటున రెండు పౌండ్ల 20 పెన్నీలు పోతున్నాయి. అవకాశాల అంచనా బుకీకంటే మీదే నిజంగా మెరుగైతే తప్ప లైన్ మార్చినంత మాత్రాన ఈ గుర్తు మైనస్‌లోంచి ప్లస్‌లోకి రాదు. యూరోపియన్ నుంచి ఆసియన్‌కు మారడం వల్ల నష్టం నెమ్మదిస్తుంది, అంతవరకే. ఆపాలనుకుని ఆపలేకపోతుంటే బ్రిటన్‌లో గామ్‌స్టాప్ అనే ఉచిత సేవలో పేరు నమోదు చేసుకోండి. అక్కడ లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ సంస్థలన్నీ మీ ఖాతాలు మూసేయాలి, మీరు ఎంచుకున్న గడువు ముగిసేదాకా కొత్తవి తెరవనివ్వకూడదు.